యూట్యూబ్ ప్రకటనకు 6 బుకింగ్‌లేనా? లాస్ట్ క్లిక్ లెక్క, తిరుపతి హోటల్ ఉదాహరణ

ప్రశ్న: మాది తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర 40 గదుల హోటల్. నెలకు యూట్యూబ్ వీడియో ప్రకటనకు 48,000 రూపాయలు, గూగుల్‌లో సాధారణ పదాల సెర్చ్ ప్రకటనకు 40,000, మా హోటల్ పేరు మీద ఇచ్చే ప్రకటనకు 15,000 ఖర్చవుతోంది. వెబ్‌సైట్‌లో నెలకు 120 బుకింగ్‌లు వస్తున్నాయి. లాస్ట్ క్లిక్ లెక్కలో యూట్యూబ్‌కు 6 మాత్రమే కనిపిస్తున్నాయి, డేటా డ్రివెన్‌కు మారిస్తే 21 అంటోంది. మా బావగారు యూట్యూబ్ ఆపేయమంటున్నారు. ఏ లెక్క నమ్మాలి?

జవాబు:

ముందుగా మీ అతిథి గది తీసుకునే క్రమాన్ని గుర్తుచేసుకోండి, ఎందుకంటే బుకింగ్ మొత్తాన్నీ ఆఖరున నొక్కిన ప్రకటనకే రాసే లాస్ట్ క్లిక్ లెక్క లోపం ఆ క్రమంలోనే ఉంది. కొండకు రావాలనుకున్న కుటుంబం మొదట 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ చూసుకుంటుంది, దాన్ని దేవస్థానం సుమారు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంది. ఆ తరువాత రైలు టికెట్, అది 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందు మాత్రమే దొరుకుతోంది. గది సంగతి చాలా ఇళ్లలో ఆ రెండూ ఖాయమయ్యాకే వస్తుంది. అంటే తిరుపతి ప్రయాణం మనసులో పడిన రోజుకూ, మీ వెబ్‌సైట్‌లో డబ్బు కట్టిన రోజుకూ మధ్య వారాలు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. మీ వీడియో పని చేసేది ఆ మొదటి రోజుల్లో. లాస్ట్ క్లిక్ చూసేది ఆఖరి రోజును మాత్రమే.

విజయవాడలో ఒక ఇల్లాలు మీ వీడియోను ముప్పై సెకన్లు చూశారనుకుందాం. స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరం, పెద్దవాళ్లకు లిఫ్ట్, తెల్లవారుజామున వేడినీళ్లు అని అందులో ఉంది. ఆవిడ దేని మీదా నొక్కలేదు. తొమ్మిది రోజుల తరువాత గూగుల్‌లో `hotels near tirupati railway station` అని వెతికి, మీ సాధారణ ప్రకటన నొక్కి, గదుల ఫొటోలు చూసి, లింకును ఇంట్లోవాళ్ల వాట్సాప్‌కు పంపారు. ఇంకో మూడు రోజులకు మీ హోటల్ పేరే టైపు చేసి, పైన వచ్చిన మీ పేరు ప్రకటన నొక్కి గది తీసుకున్నారు. లాస్ట్ క్లిక్ లెక్కలో ఈ బుకింగ్ మొత్తం పేరు ప్రకటనది. మీ పేరు టైపు చేయాలంటే ముందు ఆ పేరు తెలిసి ఉండాలి, ఆ పేరు తెలియజేసినదానికి మాత్రం సున్నా వచ్చింది.

ఇది కొలతలో జరిగిన పొరపాటు కాదు. ఆఖరున ఏ తలుపు గుండా లోపలికి వచ్చారన్న ప్రశ్నకు లాస్ట్ క్లిక్ సరైన జవాబే ఇస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, ప్రకటనకు వచ్చే వాటా అది చేసిన పనిని బట్టి కాక, వరుసలో అది నిలిచిన చోటును బట్టి నిర్ణయమవుతోంది. వీడియో దాదాపు ఎప్పుడూ మొదట ఉంటుంది, పేరు సెర్చ్ దాదాపు ఎప్పుడూ చివర ఉంటుంది. కాబట్టి నెలల తరబడి చూసినా ఈ తేడా సర్దుకోదు, ప్రతి నెలా ఒకే వైపుకు మొగ్గుతుంది.

మీ సంఖ్యలకు సరిపోయేలా ఒక నెల దారులు గుండ్రంగా వేసి చూపిస్తాను. మీ అసలు దారులు గూగుల్ అనలిటిక్స్‌లో `Advertising` విభాగం కింద అట్రిబ్యూషన్ దారుల రిపోర్టులో ఉంటాయి, వాటితో ఇదే లెక్క మీరూ చేసుకోవచ్చు.

పేరు సెర్చ్ ఒక్కటే: 50 బుకింగ్‌లు
సాధారణ సెర్చ్, తరువాత పేరు: 24
యూట్యూబ్, తరువాత పేరు: 20
యూట్యూబ్, సాధారణ సెర్చ్, తరువాత పేరు: 12
సాధారణ సెర్చ్ ఒక్కటే: 8
యూట్యూబ్ ఒక్కటే: 6

లాస్ట్ క్లిక్ ప్రకారం పేరుకు 106, సాధారణ సెర్చ్‌కు 8, యూట్యూబ్‌కు 6. ఇవే దారులకు మొదటి క్లిక్ పద్ధతి వర్తింపజేస్తే పేరుకు 50, సాధారణ సెర్చ్‌కు 32, యూట్యూబ్‌కు 38. దారిలో ఉన్న అందరికీ సమానంగా పంచే లీనియర్ పద్ధతిలో పేరుకు 76, సాధారణ సెర్చ్‌కు 24, యూట్యూబ్‌కు 20. మూడు చోట్లా మొత్తం 120 దాటలేదని గమనించండి. ఇలా వాటాలు పంచే పద్ధతినే మోడల్ అంటారు. ఏ మోడల్ కూడా కొత్త బుకింగ్‌ను కనిపెట్టదు, ఉన్న 120ని వేరు వేరుగా పంచుతుంది, అంతే. అందుకే 6 నుంచి 21కి మారగానే యూట్యూబ్ మెరుగుపడిందనుకోవడం ఎంత తప్పో, 6 అని ఉన్నప్పుడు అది పనికిరాదనుకోవడం అంతే తప్పు.

మొదటి క్లిక్, లీనియర్ లాంటి నియమాల మోడళ్లను గూగుల్ 2023లో తన ప్రకటనల నుంచీ అనలిటిక్స్ నుంచీ తొలగించింది. ఇప్పుడు మీకు మెనూలో కనిపించేవి ప్రధానంగా డేటా డ్రివెన్, లాస్ట్ క్లిక్ రకాలే. అయినా పై లెక్క కాగితం మీద చేయడం విలువైనదే, ఎందుకో రెండు పేరాల తరువాత చెబుతాను. డేటా డ్రివెన్ అనేది బుక్ చేసినవాళ్ల దారులనూ, చేయనివాళ్ల దారులనూ పోల్చి, ఒక ప్రకటన దారిలో ఉన్నప్పుడు బుకింగ్ అవకాశం ఎంత పెరిగిందో అంచనా వేసి, దాన్నిబట్టి వాటా ఇస్తుంది. ఆలోచన మంచిదే. కానీ ఎలాగూ తిరుపతి రావాలనుకునేవాళ్లకే గూగుల్ మీ వీడియో ఎక్కువగా చూపిస్తోందనుకోండి, వాళ్లు వీడియో వల్ల బుక్ చేశారా, వీడియో లేకపోయినా చేసేవాళ్లా అన్నది ఆ దారులు చూసి పూర్తిగా తేల్చలేం. పైగా నెలకు 120 బుకింగ్‌లంటే ఆ లెక్కకు చిన్న సంఖ్య. కాబట్టి 21ని మంచి అంచనాగా తీసుకోండి, తీర్పుగా కాదు.

దీనికంటే పెద్ద విషయం ఒకటుంది. ఏ మోడల్ అయినా తనకు కనిపించిన దారులనే పంచుతుంది. విజయవాడ ఇల్లాలు వీడియో నొక్కలేదు, చూశారు. నొక్కకుండా కనీసం 10 సెకన్లు చూసిన దాన్ని గూగుల్ యాడ్స్ లెక్కలోకి తీసుకుంటుంది గానీ, ఆ లెక్క గడువు మామూలుగా 3 రోజులే. ఆవిడ బుక్ చేసింది పన్నెండో రోజున. క్లిక్‌కు మామూలు గడువు 30 రోజులు, దాన్ని 90 దాకా పెంచవచ్చు, మీ వ్యాపారానికి పెంచే తీరాలి. ఐఫోన్‌లో సఫారీ వాడేవారైతే వెబ్‌సైట్ స్క్రిప్టు పెట్టిన గుర్తు, అంటే కుకీ, ఏడు రోజుల్లో చెరిగిపోతుంది, ఆ తరువాత వచ్చిన మనిషి కొత్త మనిషిగా నమోదవుతారు. ఫోన్‌లో వీడియో చూసింది ఆవిడ, ల్యాప్‌టాప్‌లో డబ్బు కట్టింది వాళ్లబ్బాయి అయితే దారి అక్కడే తెగుతుంది. మరి నేరుగా మీ రిసెప్షన్‌కు ఫోన్ చేసి గది చెప్పుకున్నవాళ్ల సంగతి ఏ రిపోర్టులోనూ ఉండదు. ఈ నష్టాలన్నీ దారి మొదట్లో ఉన్న ప్రకటనకే ఎక్కువ తగులుతాయి, ఎందుకంటే కాలం గడిచేకొద్దీ తెగేది మొదటి ముడే. మీ లెక్కలో పేరు సెర్చ్ ఒక్కటే అని ఉన్న 50లో కొన్ని నిజానికి మొదటి ముడి తెగిన దారులై ఉంటాయి.

ఇప్పుడు మోడళ్లను పోల్చే పద్ధతి. పోలిక మొదలుపెట్టేముందు మూడు విషయాలు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి: లెక్కించే చర్య ఒకటే కావాలి, గడువు ఒకటే కావాలి, తేదీ ఏ రోజుది అన్నది ఒకటే కావాలి. మూడోదే ఎక్కువమంది జారిపడే చోటు. గూగుల్ యాడ్స్ మామూలుగా బుకింగ్‌ను ప్రకటన నొక్కిన రోజు కింద వేస్తుంది, అనలిటిక్స్ బుకింగ్ జరిగిన రోజు కింద వేస్తుంది. మార్చిలో నొక్కి ఏప్రిల్‌లో గది తీసుకున్నవారు ఒక చోట మార్చిలో, మరో చోట ఏప్రిల్‌లో కనబడతారు. యాడ్స్‌లో `Conversions (by conv. time)` అనే నిలువు వరుస తెచ్చుకుంటే ఈ తేడా పోతుంది. మీలాంటి వ్యాపారంలో గత నెల సంఖ్యలు ఇంకా పండలేదని కూడా గుర్తుంచుకోవాలి, ఆ నెల క్లిక్‌ల బుకింగ్‌లు ఇంకా రాబోతూ ఉంటాయి. ఇంకొకటి, అనలిటిక్స్‌లో `Session source / medium` అనే వరుస మీరు ఏ మోడల్ పెట్టినా మారదు, అది ఎప్పుడూ ఆ సందర్శన ఏ మూలం నుంచి మొదలైందో దాన్నే చూపిస్తుంది. మోడల్ మార్చినా రిపోర్టు కదలలేదని నన్ను అడిగినవారిలో చాలామంది ఆ వరుసనే చూస్తున్నారు.

ఇవి సరిచూశాక, ఏ మోడల్ నిజమని అడగకండి. మోడల్ మారితే నా నిర్ణయం మారుతుందా అని అడగండి. మీ గదుల ఖర్చులు పోను ఒక్కో బుకింగ్‌కు సగటున 1,800 రూపాయలు మిగులుతుందనుకుందాం. యూట్యూబ్‌కు లాస్ట్ క్లిక్‌లో ఒక్కో బుకింగ్ 8,000కు పడుతోంది, లీనియర్‌లో 2,400, డేటా డ్రివెన్‌లో సుమారు 2,290, మొదటి క్లిక్‌లో సుమారు 1,260. అంటే మోడళ్లు మీ 1,800 గీతకు రెండు పక్కలా నిలిచాయి. అన్నీ గీతకు కింద ఉంటే మోడల్ గొడవ లేకుండా ప్రకటన కొనసాగించవచ్చు, అన్నీ పైన ఉంటే, కనిపించని దారుల వాటా కూడా ఆలోచించి, తగ్గించవచ్చు. మధ్యలో చీలినప్పుడు మాత్రం ఎన్ని మోడళ్లు చూసినా తేలదు. కాగితం మీద లీనియర్, మొదటి క్లిక్ లెక్క వేయమన్నది ఈ వెడల్పు చూడటానికే. మీ విషయంలో చీలింది కాబట్టి పరీక్ష చేయాలి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మన జిల్లాలోనే ఒక వసతి గృహం ప్రకటనలు చూస్తున్నప్పుడు, ఇలాంటి లాస్ట్ క్లిక్ రిపోర్టు చూసి వీడియోలన్నీ ఒకే రోజు, అన్ని ఊళ్లలో ఆపించాను. మొదటి నెల ఒక్కో బుకింగ్ ఖర్చు బాగా తగ్గింది, యజమాని సంతోషించారు. రెండో నెల చివరికి ఆ వసతి గృహం పేరు వెతికేవాళ్ల సంఖ్య పడిపోతూ వచ్చింది. అప్పటికి సెలవులు కూడా అయిపోయాయి కాబట్టి, పడిపోయిందాంట్లో వీడియో వాటా ఎంత, సీజన్ వాటా ఎంత అన్నది ఎప్పటికీ చెప్పలేకపోయాను. కొన్ని ఊళ్లలో నడిపి, కొన్ని ఊళ్లలో ఆపి ఉంటే తెలిసేది. ఆ అవకాశాన్ని నేనే పోగొట్టాను, మీరు పోగొట్టుకోవద్దు.

హోటల్‌వాళ్లకు ఈ పరీక్షలో ఇతర వ్యాపారాలకు లేని వెసులుబాటు ఒకటుంది. చెక్ ఇన్ రిజిస్టర్‌లో ప్రతి అతిథి ఊరు రాసి ఉంటుంది. వెబ్‌సైట్‌లో తీసుకున్నా, ఫోన్‌లో చెప్పినా, నేరుగా వచ్చినా, బుకింగ్ యాప్ ద్వారా వచ్చినా ఊరు మాత్రం దొరుకుతుంది. కుకీలూ గడువులూ అడ్డురాని కొలత అది. పేర్లు, ఫోన్ నంబర్లు, గుర్తింపు కార్డు వివరాలు తీయనక్కర్లేదు, ఊరూ, గది తీసుకున్న తేదీ, సంఖ్య ఉంటే చాలు. వచ్చిన తేదీ కాకుండా బుక్ చేసిన తేదీనే వాడండి, లేకపోతే ప్రకటన ఆపకముందే చేసుకున్న బుకింగ్‌లు ఆపిన కాలంలోకి వచ్చి పడతాయి. నేరుగా వచ్చినవాళ్లకు మాత్రం వచ్చిన రోజే బుకింగ్ రోజు.

ఊళ్లను రెండు గుంపులుగా విడగొట్టేటప్పుడు సీజన్ ఒకేలా ఉండేవాటిని ఎదురెదురుగా పెట్టండి. విజయవాడకు గుంటూరు, రాజమండ్రికి కాకినాడ జత కుదురుతాయి. చెన్నైను విశాఖపట్నానికి జత చేయకండి, పెరటాసి నెలలో తమిళ భక్తుల రద్దీ ప్రత్యేకంగా పెరుగుతుంది కాబట్టి ఆ జత మిమ్మల్ని మోసం చేస్తుంది. ఏ జతలో ఏ ఊరు ఆపాలన్నది మీరు ఎంచుకోకుండా నాణెం ఎగరేసి తేల్చండి. గూగుల్ యాడ్స్‌లో లొకేషన్ ఎంపికను `Presence`కు మార్చడం మరవద్దు. మామూలుగా అది ఆ ఊరి మీద ఆసక్తి చూపినవారిని కూడా కలుపుకుంటుంది, అప్పుడు ఆపిన ఊళ్లలో కూడా కొందరికి వీడియో కనిపిస్తూనే ఉంటుంది. ఆపిన తరువాత మొదటి మూడు వారాలు లెక్కలోకి తీసుకోవద్దు, అంతకుముందు చూసినవారి జ్ఞాపకం ఇంకా పని చేస్తుంటుంది.

లెక్క ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో చూపిస్తాను. పరీక్షకు ముందు 24 వారాల్లో, నడపబోయే ఊళ్ల నుంచి 960, ఆపబోయే ఊళ్ల నుంచి 720 బుకింగ్‌లు వచ్చాయనుకుందాం, నిష్పత్తి 0.75. పరీక్షలోని 12 వారాల్లో నడిపిన ఊళ్ల నుంచి 520 వచ్చాయి. నిష్పత్తి మారకపోతే ఆపిన ఊళ్ల నుంచి 390 రావాలి. వచ్చింది 342. లోటు 48. మీ వీడియో ఖర్చులో సగం ఆ ఊళ్లదనుకుంటే, 12 వారాల్లో మిగిలిన డబ్బు సుమారు 67,000. దాన్ని 48తో భాగిస్తే ఒక్కో బుకింగ్‌కు 1,400 పడుతుంది, మీ 1,800 కంటే తక్కువ. అంటే వీడియో తన ఖర్చు రాబడుతున్నట్టే.

కానీ ఇక్కడే ఆగి మీ బావగారికి చూపించకండి. ఇంత చిన్న సంఖ్యల్లో ఏ కారణమూ లేకుండానే లెక్క అటూ ఇటూ ఊగుతుంది. ఈ నాలుగు సంఖ్యలకూ ఆ ఊపు 32 బుకింగ్‌ల దాకా ఉండటం మామూలే, ఇలాంటి ఏ సంఖ్య అయినా సుమారు తన వర్గమూలమంత అటూ ఇటూ ఊగుతుందన్న నియమంతో చూస్తే వచ్చే అంచనా అది. కాబట్టి నిజమైన లోటు 16 నుంచి 80 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, ఖర్చు రాబట్టడానికి కావలసిన 37 ఆ మధ్యలోనే పడుతోంది. మీ రిజిస్టర్‌తోనే ఈ ఊపు ఎంతో చూడవచ్చు: పోయిన ఏడాది, ఏ ప్రకటనా మార్చని 12 వారాలు తీసుకుని, ఇదే ఊళ్లతో ఇదే లెక్క వేయండి. అక్కడ కూడా 30, 40 లోటు తేలితే, ఇప్పటి 48ని పెద్దగా నమ్మలేం. అక్కడ 5, 10 మాత్రమే తేలితే 48కి బరువుంటుంది.

లాస్ట్ క్లిక్ చెప్పిన నెలకు 6 అన్నది నిజమైతే, సగం ఊళ్లలో 12 వారాలకు రావలసిన లోటు 8 మాత్రమే. లీనియర్ నిజమైతే 28, మొదటి క్లిక్ నిజమైతే 53. రిజిస్టర్‌లో ఫోన్ బుకింగ్‌లు కూడా ఉంటాయి కాబట్టి ఈ పోలిక సమానమైనది కాదు, అయినా ఏ మోడల్ మీ హోటల్ విషయంలో ఎంత దూరంలో ఉందో దీన్నిబట్టి ఒక అంచనా వస్తుంది. ఇలాంటి ఫలితం వస్తే నేనైతే వీడియోను ఆపను, పెంచను కూడా. తరువాతి పరీక్షలో ఆపిన ఊళ్ల డబ్బును మిగుల్చుకోకుండా నడిపే ఊళ్లకు మళ్లిస్తాను. మొత్తం ఖర్చు మారదు గానీ రెండు గుంపుల మధ్య ఖర్చు తేడా రెట్టింపవుతుంది, ఊపులోంచి ఫలితం బయటపడే అవకాశం పెరుగుతుంది.

లాస్ట్ క్లిక్‌లో 106 దక్కించుకున్న పేరు ప్రకటనను కూడా ఇదే కళ్లతో చూడాలి. ప్రకటన లేకపోయినా మీ పేరు వెతికినవాళ్లు కింద ఉన్న మీ వెబ్‌సైట్ లింకు నొక్కుతారా, లేక మీ పేరు మీద బుకింగ్ యాప్‌లు వేసిన ప్రకటన నొక్కి, మీకు కమీషన్ భారం తెస్తారా అన్నది ఊళ్లవారీ పరీక్షతోనే తెలుస్తుంది. అక్కడ చూడవలసింది మొత్తం సంఖ్యను కాదు, రిజిస్టర్‌లో నేరుగా వచ్చిన బుకింగ్‌లకూ యాప్ బుకింగ్‌లకూ మధ్య వాటా ఎలా మారిందన్నది. ఆ పరీక్షను వీడియో పరీక్ష పూర్తయ్యాకే పెట్టుకోండి, రెండూ ఒకే వారాల్లో నడిస్తే ఏ లోటు దేనివల్లో విడదీయలేరు.